రోజంతా నిలబడే కాళ్లు: వెరికోస్ సాక్సులు ఎలా కొలవాలి, ఎలా తొడగాలి, ఎప్పుడు వాటితో సరిపెట్టుకోకూడదు

పిక్క మీద నీలంగా మెలికలు తిరిగి ఉబ్బిన వాటిని మనం నరాలంటాం. చెయ్యి తిమ్మిరెక్కినా నరాలే అంటాం. ఈ ఒక్క మాట చేసే నష్టం తక్కువేం కాదు. మందుల షాపుకెళ్లి “కాళ్లలో నరాలు లాగుతున్నాయి” అనగానే నరాల బలహీనతకని బీకాంప్లెక్స్ బిళ్లలు చేతిలో పెడతారు, వాటిని నెలల తరబడి మింగుతూ ఉంటాం. ఉబ్బినవి మాత్రం ఆ నరాలు కావు. పాదం నుంచి గుండెకు రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే గొట్టాలు, పుస్తకాల్లో సిరలంటారు. అవి ఇలా ఉబ్బి మెలికలు తిరగడాన్నే వెరికోస్ అంటారు. వాటికి బిళ్ల వేస్తే ఒరిగేదేమీ లేదు.

బావి మోటారు తెలిసినవాళ్లకు ఈ జబ్బు చెప్పడం తేలిక. పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. అది బాగుంటే పైకెక్కిన నీళ్లు పైపులోనే నిలుస్తాయి, లీకైతే మోటారు ఆగిన మరుక్షణం కిందికి దిగిపోతాయి. కాలి సిరల్లోనూ మెట్టుమెట్టుకీ అలాంటి కవాటాలుంటాయి. మోటారు పని చేసేది పిక్క కండ. అడుగు వేసినప్పుడల్లా అది బిగుసుకుని లోపలి సిరను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది. కదలకుండా నిలబడితే మోటారు ఆగినట్టే. అప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే చెప్పాలంటే, దాదాపు 90కి చేరుతుంది. కవాటాలు బాగున్న మనిషి నాలుగడుగులు వేస్తే అది 30 దగ్గరికి పడిపోతుంది. కవాటాలు చెడిన కాలిలో అంతగా పడదు. ఆ ఒత్తిడికే నీరు సిరలోంచి చర్మం కిందికి ఊరుతుంది, కాలు బరువెక్కుతుంది, పై సిరలు సాగి మెలికలు పడతాయి.

అందుకే నాలుగు వీధులు తిరిగి పాలు పోసే మనిషికంటే ఒక్కచోట నిలబడే దోసె మాస్టరుకు, బార్బరుకు, చీరల షోరూమ్‌లో కౌంటరు దగ్గరుండే అమ్మాయికి కాళ్లు ఎక్కువ లాగుతాయి. ఇక్కడ ఆ షోరూమ్ ఉద్యోగినినే ఉదాహరణగా తీసుకుందాం. వయసు 38, ఇద్దరు పిల్లలు, పొద్దున పదింటికి ఎక్కితే రాత్రి తొమ్మిది దాకా నిలుచునే పని. సాయంత్రం నాలుగయ్యేసరికి కాళ్లు సీసం పోసినట్టుంటాయి. ఎడమ పిక్క లోపలి వైపు ఒక నీలి మెలిక. ఇంటికొచ్చి పట్టీలు తీస్తే చీలమండ చుట్టూ గాడి. తెల్లారేసరికి అంతా మామూలే.

ముందు ఇది అదేనా కాదా చూసుకోండి

సాయంత్రం పెరిగి రాత్రి పడుకుంటే తగ్గే బరువు, లాగుడు సిరల జబ్బుకు పెద్ద గుర్తు. మంచి వెలుతురులో రెండు నిమిషాలు కదలకుండా నిలబడి పిక్క లోపలి వైపు, మోకాలి వెనక చూడండి, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి. పడుకుని చూస్తే సిరలు ఖాళీ అయిపోయి ఏమీ కనబడదు. తర్వాత చీలమండకు నాలుగు వేళ్లు పైన, ఎముక మీద బొటనవేలితో ఓ పది సెకన్లు నొక్కి పట్టి వదలండి. గుంట మిగిలితే నీరు చేరిందని అర్థం.

దీనిలా కనిపించే వేరే బాధలున్నాయి. నడుము నుంచి తొడ వెనకగా కిందికి దూసుకుపోయే నొప్పి వెన్నుది. కొంత దూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగి నిలబడగానే వదిలేస్తే అది రక్తం కిందికి తెచ్చే ధమనిలో అడ్డు. సిరల జబ్బు దీనికి తిరగేసి ఉంటుంది, నిలబడితే ఎక్కువ, నడిస్తే తక్కువ. రెండు కాళ్లూ సమానంగా వాచి, పొద్దున లేచినా తగ్గక, ముఖం కూడా ఉబ్బుతుంటే గుండె, కిడ్నీ పరీక్షలు ముందు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్లలో ఆ బిళ్ల వల్లే చీలమండలు వాచవచ్చు. బిళ్ల మీరుగా ఆపకండి, రాసిన డాక్టరుకు ఆ మాట చెప్పండి. కోస్తా జిల్లాల వాళ్లు బోదకాలు సంగతీ గుర్తుంచుకోవాలి. అందులో పాదం పైభాగం, వేళ్లు కూడా ఉబ్బుతాయి. బొటనవేలి పక్క వేలు మొదట్లో చర్మాన్ని గిల్లి పైకి లేపబోతే రాదు. వెరికోస్ కాలిలో ఆ చర్మం మామూలుగా లేస్తుంది.

సాక్సు కొనే ముందు పాదం నాడి

కాలిని బిగించే సాక్సు కిందికొచ్చే రక్తాన్ని ఆపకూడదు కదా. అందుకని పాదం పైన, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య గాడి నుంచి పైకి రెండు మూడు అంగుళాల దగ్గర మూడు వేళ్లు మెత్తగా ఆనించి నాడి వెతకండి. గట్టిగా నొక్కితే నాడి మూసుకుపోయి దొరకదు. రెండు పాదాల్లోనూ టకటక కొట్టుకుంటూ, వేళ్లు వెచ్చగా ఉంటే మంచిదే. దొరక్కపోతే, పాదాలు ఎప్పుడూ చల్లగా ఉంటుంటే, ఏళ్లుగా చుట్టో సిగరెట్టో కాలుస్తుంటే, షుగరుతో అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే, గుండె బలహీనంగా ఉందని ఇదివరకే చెప్పి ఉంటే సాక్సు సొంతంగా కొనకండి. డాక్టరు చేతి బీపీతో చీలమండ బీపీని పోల్చి చూస్తారు. పది నిమిషాల పని. స్పర్శ లేని కాలికి బిగువు సాక్సు తొడిగితే అది ఒరుసుకుని పుండు పడ్డా తెలియదు, భయమంతా అదే.

కొలత పొద్దున్నే, మంచం మీదే

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సాయంత్రం పని అయ్యాక దారిలో షాపులో ఆగి, వాచిన కాలికి సాక్సు కొంటారు. అది పొద్దున కాలికి వదులు, సాయంత్రానికి సరిపోయేంత సైజు. అంటే కాలు వాచనిచ్చి మరీ సరిపోతుంది.

రాత్రి దర్జీ టేపు తలగడ పక్కన పెట్టుకోండి. లేవగానే మంచం అంచున కూర్చుని ఇవి కొలిచి రాయండి: చీలమండ గుబ్బలకు కాస్త పైన కాలు అన్నిటికంటే సన్నగా ఉండే చోట చుట్టుకొలత, పిక్క అన్నిటికంటే లావుగా ఉండే చోట చుట్టుకొలత, నేల మీద పాదం ఆనించి మోకాలి వెనక మడతకు రెండు వేళ్లు కింద దాకా పొడవు. రెండు కాళ్లూ విడివిడిగా కొలవాలి, తేడా ఉండటం మామూలే. టేపు చర్మానికి ఆనాలి కానీ గుచ్చుకోకూడదు.

మన షోరూమ్ అమ్మాయికి పొద్దున ఎడమ చీలమండ 22 సెంటీమీటర్లు, పిక్క 36. అదే కాలు రాత్రి కొలిస్తే చీలమండ 23.5. తను చూస్తున్న డబ్బా మీద పట్టికలో మీడియం అంటే చీలమండ 21 నుంచి 23, పిక్క 32 నుంచి 38 అనుకుందాం. పొద్దున కొలతతో మీడియం. రాత్రి కొలతతో లార్జ్ కొనేసేది. కంపెనీ కంపెనీకి పట్టిక మారుతుంది కాబట్టి ఒక కంపెనీలో మీడియం అయితే ఇంకోదాంట్లోనూ మీడియమే అనుకోకండి. చీలమండ ఒక సైజులోకి, పిక్క ఇంకో సైజులోకి వస్తే చీలమండ మాటే వినండి, ఎందుకంటే బిగువు ఎక్కువ ఉండాల్సింది అక్కడే. మంచి సాక్సు చీలమండ దగ్గర గట్టిగా పట్టి పైకి పోయేకొద్దీ వదులవుతుంది. పిక్క మరీ లావై ఏ సైజులోనూ ఇమడకపోతే కొలతకు చేయించుకోవాలి.

బిగువు సంగతి. డబ్బా మీద ఒత్తిడి అంకెల్లో ఉంటుంది, బీపీ యూనిట్లలోనే. ఉబ్బిన సిరలు పెద్దగా లేకుండా బరువు, సాయంత్రం వాపు మాత్రమే ఉంటే 15–20 మధ్యది సరిపోతుంది. సిరలు బాగా ఉబ్బి, వాపు రోజూ ఉంటే 20–30 ప్రాంతంలోది ఇస్తారు, అది డాక్టరు చూసి చెప్పాలి. క్లాసు 1, క్లాసు 2 అన్న మాటలు చూసి కొనకండి. జర్మనీ లెక్కలో క్లాసు 2 అంటే 23–32, బ్రిటన్ లెక్కలో అదే పేరుకు 18–24. అంకె చూడండి. అంకె అసలే లేని సాక్సు ఎంత తక్కువకొచ్చినా వద్దు. ఆపరేషన్ అయి మంచంలో ఉన్నవాళ్లకు ఆసుపత్రిలో తొడిగే తెల్లటి సాక్సులుంటాయి, ఎవరో వాడినవి ఇంట్లో పడి ఉంటాయి. అవి పడుకున్న మనిషి కోసం చేసినవి, పనికెళ్లే కాలికి కాదు.

మోకాలి కింద దాకా ఉండేది చాలామందికి చాలు. తొడ దాకా ఉండేది మన ఎండల్లో చెమటకు జారి మోకాలి వెనక ముడతలు పడుతుంది. వారం వేసి అటక మీద పడేసే సాక్సుకంటే రోజూ వేసుకునే పొట్టి సాక్సు నయం.

తొడగడం

లేచాక, నిలబడి తిరగకముందే తొడగాలి. స్నానం చేసి వేసుకునేవాళ్లయితే స్నానమయ్యాక పది నిమిషాలు కాళ్లు ఎత్తి పెట్టుకుని పడుకుని, అప్పుడు తొడగండి. కాలు పూర్తిగా ఆరి ఉండాలి. తడి కాలికి సాక్సు ఎక్కదు. నూనె, క్రీము రాత్రే రాసుకోండి. పొద్దున రాస్తే ఎలాస్టిక్కు త్వరగా చెడుతుంది. గోళ్లు కత్తిరించి ఉండాలి. మెట్టెలు, పట్టీలు తీసేయాలి. మెట్టెలు తియ్యడం ఇష్టం లేనివాళ్లు వేళ్ల దగ్గర తెరిచి ఉండే రకం తీసుకోవచ్చు, కానీ తొడిగేటప్పుడు మెట్టె మొనకు దారం తగలకుండా వేళ్లకు పలచటి క్యారీబ్యాగు కవరు తొడిగి, సాక్సు ఎక్కాక ఆ కవరును ముందు నుంచి లాగెయ్యండి. పట్టీ మాత్రం సాక్సు కింద వద్దు, చర్మంలో గాడి పెడుతుంది.

చెయ్యి సాక్సులోకి పోనిచ్చి మడమ జేబును లోపలి నుంచి పట్టుకోండి. అలా పట్టుకునే మిగతా భాగాన్ని మడమ దాకా తిరగేయండి. ఇప్పుడు పాదం భాగం లోపల ఒదిగి చిన్న సంచిలా ఉంటుంది. అందులోకి వేళ్లు, పాదం దూర్చి మడమ సరిగ్గా జేబులో కూర్చునేదాకా సర్దండి. ఇది కుదరకుండా పైకి వెళ్లకండి. ఆ తర్వాత పైభాగాన్ని చీలమండ మీదుగా తిప్పి, అరచేతులతో కొంచెం కొంచెంగా పైకి నెట్టుకుంటూ పోండి. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుంటే పట్టు దొరుకుతుంది, గోరు తగిలి చిరగదు. అంచు పట్టుకుని ఒక్కసారిగా లాగితే పైన గుడ్డ ఎక్కువై చీలమండ దగ్గర తక్కువవుతుంది, అంటే బిగువు తల్లకిందులవుతుంది. చివరికి అంచు మోకాలి మడతకు రెండు వేళ్లు కింద ఆగాలి.

పొడుగైందని అంచును కిందికి మడవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. మడత పడ్డ చోట రెండు పొరలై బిగువు ఎక్కువవుతుంది, మోకాలి కింద తాడు కట్టినట్టు. రక్తం ఆ ముడి కిందే నిలిచి సాయంత్రానికి కాలు ఇంకా వాస్తుంది. “సాక్సు వేసుకుంటే వాపు పెరిగిందండీ” అనేవాళ్లలో చాలామంది కాళ్ల మీద ఈ మడత గుర్తే కనిపిస్తుంది.

మొదటి రోజు రెండు మూడు గంటలు వేసి తీసి చూడండి, వారంలో పూర్తి పని రోజుకు తెచ్చుకోండి. బిగుతుగా అనిపించడం సహజం. వేళ్లు నీలంగానో తెల్లగానో మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పుట్టినా వెంటనే తీసేసి సైజు మళ్లీ చూసుకోండి. రాత్రి పడుకునే ముందు తీసేయాలి. రెండు జతలు ఉంటే రోజూ ఒకటి ఉతుక్కోవచ్చు. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి సబ్బు చాలు. పిండకుండా తువ్వాలులో చుట్టి తడి ఒత్తి, నీడలో ఆరేయండి. రోజూ వాడితే ఆరు నెలలకు ఎలాస్టిక్కు సాగిపోతుంది. తొడగడం సులువైపోయింది అనిపించిన రోజున కొత్త జత కొనాల్సి వచ్చిందని తెలుసుకోండి.

కౌంటరు దగ్గర

సాక్సు మోటారు కాదు, పైపుకు వేసిన పట్టు మాత్రమే. మోటారు తిప్పాల్సింది మీరే. అరగంటకోసారి కౌంటరు పట్టుకుని రెండు మడమలూ పూర్తిగా పైకి లేపి, ఒక్క క్షణం ఆపి, నెమ్మదిగా దించండి. అలా పదిహేను సార్లు. నిమిషం కూడా పట్టదు, చీర మడత పెడుతూనే చేసుకోవచ్చు. ఊరికే ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చడం పిక్కను పిండదు కాబట్టి అది లెక్కలోకి రాదు. ఎత్తు మడమల చెప్పులతోనూ ఇదే చిక్కు, మడమ ముందే లేచి ఉంటే పిక్క కండ పూర్తిగా ముడుచుకుని వదలలేదు. అంగుళం లోపు మడమ ఉన్న మెత్తటి చెప్పు మేలు.

బేరం లేనప్పుడు కూర్చునే వీలుంటే కాళ్లు వేలాడేసుకుని కూర్చోకండి, ఎదురుగా చిన్న స్టూలు వేసి మడమలు దాని మీద పెట్టండి. కూర్చునే వీలే లేని చోట యజమానితో మాట్లాడేవాళ్లకు ఒక మాట. ఇది మరీ గొంతెమ్మ కోరికేం కాదు. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాల్లోనే రాసుకున్నాయి. కేరళలో అది మొదలైంది కూడా బట్టల దుకాణాల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్ల పోరాటంతోనే.

ఇంటికెళ్లాక కాళ్లు గుండెకంటే పైకి రావాలి. కుర్చీలో కూర్చుని ఎదుటి కుర్చీ మీద చాపితే ఆ ఎత్తు రాదు. పడుకుని పిక్కల కింద రెండు తలగడలు పెట్టుకుని ఇరవై నిమిషాలుంటే చాలు. మంచం కాళ్లవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెడితే రాత్రంతా ఆ వాలు దొరుకుతుంది. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం అడక్కుండా అలా చేయొద్దు. ఇక ఉప్పేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకోవడం. హాయిగా ఉంటుందన్న మాట నిజమే, కానీ వేడికి సిరలు ఇంకా వ్యాకోచిస్తాయి. చన్నీళ్లు పోసుకోండి. ఉబ్బిన సిరల మీద నూనె పోసి గట్టిగా మర్దనా చేయించుకోవడం కూడా మానేయండి.

సాక్సుతో ఆగకూడని చోటు

సాక్సు బరువును, వాపును తగ్గిస్తుంది. చెడిన కవాటాన్ని బాగు చేయదు, ఉబ్బిన సిరను లోపలికి పంపదు. మెలికలు కనబడుతూ బాధ ఉంటే ఒకసారి రక్తనాళాల సర్జన్‌కు చూపించి డాప్లర్ స్కాను చేయించుకోవాలి. ఆ స్కాను నిలబెట్టి చేయాలి, పిక్కను నొక్కి వదిలినప్పుడు రక్తం వెనక్కి జారుతోందా అని చూడాలి. అర సెకను మించి వెనక్కి జారితే పై సిరలో కవాటం చెడినట్టు లెక్క. పూర్తిగా పడుకోబెట్టి తీసి అంతా బాగుందని రాసిచ్చిన రిపోర్టును నమ్ముకోకండి. సిరలో రక్తం గడ్డ కట్టిందా లేదా చూడటానికి అది పనికొస్తుంది, లీకు తేల్చడానికి చాలదు. లీకు తేలితే చాలామందికి ఇప్పుడు కోత అక్కర్లేదు. లేజర్‌తోనో రేడియో తరంగాలతోనో చెడిన సిరను లోపలి నుంచి వేడితో మూసేస్తారు, అదే రోజు నడిచి ఇంటికి రావచ్చు. ఆ సిర పోతే రక్తం ఎటుపోతుందని భయపడతారు గానీ, కాలి రక్తంలో ఎక్కువ భాగం ఎటూ లోపలి పెద్ద సిరలోనే వెళుతుంది.

చీలమండ లోపలి వైపు చర్మం గోధుమ రంగుకు తిరగడం, దురద పెట్టి పొట్టు రాలడం, చెక్కలా గట్టిపడటం మొదలైతే ఆలస్యం చేయకండి. దాన్ని గజ్జి అనుకుని ఏళ్ల తరబడి ఆయింట్‌మెంట్లు మార్చేవాళ్లున్నారు. తర్వాత వచ్చేది మానని పుండు. ఉబ్బిన సిర ఒకచోట తాడులా గట్టిపడి ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా ఉన్నా ఆ వారంలోనే చూపించుకోవాలి. ఒక్క కాలే ఒకట్రెండు రోజుల్లో అనుకోకుండా వాచి, పిక్క నొప్పి, వేడి ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. సాక్సు వేయొద్దు, పిసకొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. దాంతోపాటు ఆయాసమో గుండెలో పోటో వస్తే ఇంక ఆగేది లేదు, 108కి ఫోన్ చేయాలి.

చివరగా, చీలమండ దగ్గర పలచటి నీలి బుడిపె స్నానంలో గోకుడుకో, మంచం కోడు తగిలో చిట్లితే రక్తం ధారగా కారుతుంది. నొప్పి ఉండదు, అందుకే నిలబడి చూస్తూ ఉండిపోతారు, నిలబడ్డంతసేపూ కారుతూనే ఉంటుంది. వెంటనే నేల మీద వెల్లకిలా పడుకుని కాలిని గోడకు ఎత్తి ఆనించండి, శుభ్రమైన గుడ్డ మడిచి కారే చోట అరచేత్తో గట్టిగా అదమండి. పది నిమిషాలు గుడ్డ తీసి చూడకూడదు. మోకాలి పైన తాడు బిగించి కట్టకండి, పైకెళ్లే దారి మూసేస్తే కింద ఇంకా ఎక్కువ కారుతుంది. అలా అదిమినా ఆగకపోతే అదుముతూనే 108ని పిలిపించండి. ఆగితే దాని మీద మెత్త పెట్టి కట్టు కట్టుకుని ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే ఒకసారి చిట్లిన బుడిపె అదే చోట మళ్లీ చిట్లుతుంది.